గడియ ఊడదీసే ముందు

అమ్మాయీ, వడ్రంగిని పిలవడం కాస్త ఆపు. ఇలా వచ్చి కూర్చో. పిల్లాడు కాలేజీ నుంచి రాగానే గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంటున్నాడు, ఏమడిగినా 'ఊఁ', 'ఏం లేదు' తప్ప ఇంకో మాట రావడం లేదు, ఇక లాభం లేదు ఆ గడియ ఊడదీయించేస్తాం అంటున్నారు నువ్వూ మీ ఆయనా. మీ కంగారు నాకు తెలియనిది కాదు. వాడి మీద ప్రేమతోనే అంటున్నారు. కానీ గడియ ఊడదీస్తే తలుపు తెరుచుకుంటుంది గానీ నోరు తెరుచుకోదు.

మా వీధిలోనే ఒకింట ఈ పని చేశారు, అందుకే చెబుతున్నాను. ఇంటరు మొదటి సంవత్సరం ఎంపీసీ చదివే పిల్లాడు. దసరా సెలవుల ముందు నుంచి తలుపేసుకోవడం మొదలైంది. ఫోనే కారణమన్నాడు తండ్రి. ఎవరో అమ్మాయి అయ్యుంటుందంది తల్లి. ఒక ఆదివారం పిల్లాడు టెస్టు రాయడానికి వెళ్ళిన టైములో వడ్రంగి వచ్చి గడియ తీసేశాడు. వాడు వచ్చాడు, చూశాడు, ఒక్క మాట అనలేదు. మర్నాటి నుంచి బాత్రూంలో గంటసేపు కూర్చోవడం మొదలుపెట్టాడు. అక్కడి గడియ ఎవరు తీయగలరు చెప్పు?

ఆ ఇంటి సంగతి మళ్ళీ చెబుతాను. ముందు నువ్వు చూడాల్సింది ఒకటుంది. తలుపు వేసి ఉందా తీసి ఉందా అన్నది కాదు, తలుపు వెనక పిల్లాడు ఎలా ఉన్నాడన్నది. పదిహేను పదహారేళ్ళ పిల్లలకి తమదంటూ కాస్త చోటు కావాలనిపిస్తుంది. అది జబ్బు కాదు, తలపొగరూ కాదు, ఎదగడమే. తలుపేసుకున్నవాడు లోపల స్నేహితుడితో నవ్వుతున్నాడా? బిర్యానీ వచ్చిందంటే బయటికొస్తున్నాడా? క్రికెట్ ఉంటే హాల్లోకి వస్తున్నాడా? నీతో మాట్లాడకపోయినా ఎవరో ఒకరితో మాట్లాడుతున్నాడా? అయితే ఊపిరి పీల్చుకో. నీకు కోపం రావచ్చు గానీ భయపడాల్సిందేం లేదు.

ఇంతకుముందు ఇష్టపడ్డవన్నీ ఒక్కొక్కటిగా వదిలేస్తుంటే మాత్రం గమనించు. షటిల్ బ్యాటు మూలన పడిందనుకో. స్నేహితుల ఫోన్లు ఎత్తడం లేదనుకో. కంచంలో సగం అన్నం వదిలేస్తున్నాడు, లేదా రాత్రిళ్ళు తెల్లవార్లూ మేలుకుంటున్నాడు, స్నానం చేయమంటే చిరాకు. ఇవి ఒకటి రెండు రోజులైతే ఎవరికైనా ఉంటాయి. దాదాపు రోజూ, రెండు వారాల పాటు అలాగే సాగితే డాక్టర్లు కూడా దాన్ని పట్టించుకోవాల్సిన గుర్తుగానే లెక్కేస్తారు. ఇంకో సంగతి, ఈ వయసులో దిగులు ఏడుపుగానే బయటపడాలని లేదు. చాలామందిలో విసుగుగా, కసురుకోవడంగా, ఊరికే కడుపునొప్పిగా, తలనొప్పిగా కనబడుతుంది. నువ్వు 'వీడికి నోరెక్కువైంది' అనుకునేది దిగులే కావచ్చు. ఎండాకాలంలో కూడా నిండు చేతుల చొక్కా విప్పకపోతే, ఇష్టమైన వస్తువులు పిలిచి పిలిచి పంచిపెడుతుంటే, ఫలానా బంధువు వచ్చాడంటే చాలు గదిలోంచి కదలకపోతే, అప్పుడిక రెండు వారాలు కూడా ఆగకు. ఆ బంధువుకి నమస్కారం పెట్టమని బలవంతం అసలే చేయకు.

సరే, ఆ ఇంటికొద్దాం. ఆ తల్లి నా దగ్గరికొచ్చి ఏడ్చింది. నేనొకటే అడిగాను. "రోజు మొత్తం మీద నువ్వు వాడితో అనే మాటలేమిటో చెప్పు తల్లీ" అని. లెక్కపెట్టుకుంటే మూడే తేలాయి. తిన్నావా, చదివావా, టెస్టులో ఎన్నొచ్చాయి. మూడూ ప్రశ్నలే. ప్రేమతో అడిగినవే, కాదనను. కానీ ఆ పిల్లాడి చెవికి మూడూ తనిఖీలాగే వినబడతాయి. కాలేజీలో పొద్దున్నుంచి స్టడీ అవర్ దాకా అడిగేవాళ్ళే, వారం వారం వచ్చే ర్యాంకు తండ్రి ఫోనుకి మెసేజ్‌గా వస్తుంది, ఇంటికొస్తే మళ్ళీ అడిగేవాళ్ళే. ఇక తలుపేసుకోక ఏం చేస్తాడు?

అందుకని ఆమెకి చెప్పిన మొదటి పని ఇది, నీకూ ఇదే చెబుతున్నా. కొన్నాళ్ళు అడగడం మానేసి చెప్పడం మొదలుపెట్టు. నీ కబుర్లు చెప్పు. "ఇవాళ మా ఆఫీసులో లిఫ్టు ఆగిపోయిందిరా, నాలుగంతస్తులు ఎక్కేసరికి మోకాళ్ళు పట్టేశాయి" అని చెప్పి నీ పనిలో నువ్వు పడిపో. వాడు జవాబిస్తాడేమోనని మొహం వంక చూడకు. జవాబు అక్కర్లేని మాట అది. పరీక్ష లేని మాట. మొదట్లో వాడు ఫోనులోంచి తల కూడా ఎత్తడు. ఎత్తకపోయినా వింటాడు. తోడేసిన పాలగిన్నె మూత తీసి తీసి కదిపి చూస్తే పెరుగు పేరుకోదని నీకు నేను చెప్పాలా? ఇదీ అంతే.

నీ కబురు చివర్లో మాత్రం నీతి అతికించకు. "నాలుగంతస్తులు ఎక్కాను, కష్టపడితే ఏదైనా సాధ్యమే నాన్నా" అన్నావో, అయిపోయింది, మళ్ళీ మొదటికొచ్చావు. నిన్ను నాకు తెలుసులే, అంటావు. అనకు.

రెండో పని, ఎదురెదురుగా కూర్చోబెట్టకు. "ఇలా వచ్చి కూర్చో, నీతో మాట్లాడాలి" అని హాల్లో సోఫా చూపించి, ఒకపక్క నువ్వూ ఒకపక్క మీ ఆయనా కూర్చుంటే అది మాట్లాడటం కాదు, పంచాయతీ. ఈ వయసువాళ్ళకి కళ్ళలోకి చూస్తూ మనసులో మాట చెప్పడం కష్టం. పక్కపక్కన ఉండి చేతులకి ఏదో పని ఉన్నప్పుడు మాట తేలిగ్గా వస్తుంది. స్కూటరు మీద నువ్వు నడుపుతూ వాడు వెనక కూర్చున్నప్పుడు, చిక్కుడుకాయలు ఈనె తీస్తున్నప్పుడు, ఉతికిన బట్టలు మడతపెడుతున్నప్పుడు. చూపులు కలవవు, మాట తెగినా ఇబ్బంది ఉండదు, పని సాగుతుంటుంది.

వేళ కూడా చూసుకోవాలి. ఆ తల్లికి వాడు సాయంత్రం రాగానే మాట్లాడాలని ఆత్రం. అప్పుడు వాడు అలిసిపోయి ఉంటాడు. ఈ వయసులో నిద్ర తెప్పించే హార్మోను ఒంట్లో పెద్దవాళ్ళకంటే ఆలస్యంగా విడుదలవుతుంది. అందుకే రాత్రి పది దాటాక వీళ్ళకి తెలివొస్తుంది, మనకి ఆవులింతలొస్తాయి. నిద్ర మాత్రం ఎనిమిది నుంచి పది గంటలు కావాలి, అది దొరకదు, పొద్దున్నే మళ్ళీ కాలేజీ బస్సు. ఆ పిల్లాడు రోజూ రాత్రి పదిన్నరకి నీళ్ళ కోసమో ఇంకేదైనా తినడానికో వంటింట్లోకి వచ్చేవాడు. తల్లి అప్పటికి పడుకునేది. "ఆ వేళకి వంటింట్లో ఏదో ఒక పని పెట్టుకో, చేతిలో ఫోను మాత్రం పెట్టుకోకు" అన్నాను.

పెట్టుకుంది. మర్నాటికి పప్పు నానబోయడమో, పెరుగు తోడేయడమో. వాడొస్తే "దోశ వేయనా?" అనేది. వేస్తే తినేవాడు, వెళ్ళిపోయేవాడు. చాలా రాత్రులు అంతే జరిగింది. నా దగ్గరికొచ్చి "ఏం మాట్లాడట్లేదు పెద్దమ్మా" అనేది. దోశ తింటున్నాడా లేదా? తింటున్నాడుగా, ఇంకో నాలుగు రోజులు వేయమన్నాను.

ఒక రాత్రి ప్లేటు వంక చూస్తూ అన్నాడు, "కాలేజీకి వెళ్ళాలని లేదు" అని.

ఇక్కడ ఆగు. నేను ఇంతసేపు చెప్పిందంతా ఈ ఒక్క క్షణం కోసమే. ఈ క్షణంలోనే మనం తొందరపడతాం. నోటి చివర సిద్ధంగా ఉంటాయి మాటలు. "ఫీజు అంతా కట్టేశాం కదరా!" "ఇంకొక్క ఏడాది ఓపిక పట్టు." "ఎవరైనా ఏమైనా అన్నారా, పేరు చెప్పు, రేపే నాన్న వస్తారు." "దానికేముంది, అందరికీ ఉండేదే." ఇవన్నీ మంచి మనసుతో అనేవే. అన్నీ వాడి నోరు మూయించేవే. మొదటి మాట తప్పు చేశావంటుంది, చివరిది నీ బాధ బాధే కాదంటుంది. ఎక్కువమంది తల్లుల నోట మొదట వచ్చేది ఆ చివరిదే.

ఆ తల్లి ఏమందో తెలుసా? "వెళ్ళాలని లేదా" అంది. అంతే. వాడి మాటనే వాడికి తిరిగిచ్చి, అట్లకాడతో పెనం మీది దోశ తిప్పుకుంటూ ఊరుకుంది. తర్వాత చాలాసేపు నిశ్శబ్దం. నిశ్శబ్దం వస్తే నింపాలని మన నాలుక దురద పెడుతుంది. నింపకు. వాడే నింపాడు. సెక్షన్ మార్చారట. వరసగా మూడు టెస్టుల్లో ర్యాంకు తగ్గితే పై సెక్షన్ నుంచి కింది సెక్షన్‌కి దింపేశారట. తొమ్మిదో తరగతి నుంచీ కలిసి తిరిగిన ఇద్దరూ పైనే ఉండిపోయారు, వాళ్ళ భోజనం బెల్లు వేరు. కింది సెక్షన్‌లో వీడిని 'పైనుంచి పడ్డవాడు' అంటున్నారట. దసరా ముందు నుంచీ క్యారేజీ ఒక్కడే కూర్చుని తింటున్నాడు, కొన్నిరోజులు తినకుండా పారబోస్తున్నాడు. ఇంట్లో చెబితే నాన్న కాలేజీకొచ్చి గొడవ చేస్తారని చెప్పలేదు.

అదీ సంగతి. అమ్మాయీ లేదు, ఫోనూ కాదు. ఫోనులో ఆ ఇద్దరు స్నేహితుల గ్రూపు ఉంది, అందులో వీడు ఏమీ రాయడు, ఊరికే చూస్తుంటాడు. తండ్రి అది కూడా లాక్కుని ఉంటే ఏమయ్యేదో ఆలోచించు. ఫోను సంగతి నన్నడిగితే, రాత్రి పడుకునే ముందు ఇంట్లో ఫోన్లన్నీ హాల్లోనే ఛార్జింగ్ పెట్టాలి అని నియమం పెట్టు. ఇంట్లో ఫోన్లన్నీ అంటే మీ ఆయనదీ, నీదీ కూడా. వాడిదొక్కటే లాక్కుంటే అది నియమం కాదు, శిక్ష.

ఆ రాత్రి ఆమె అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది. అడగడానికి ఆమెకి కాళ్ళు వణికాయి, అయినా అడిగింది. "ఇంత బాధలో చచ్చిపోతే బాగుండుననిపించిందా కన్నా ఎప్పుడైనా?" అని. ఇలా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని భయపడతారు పెద్దవాళ్ళు. పుట్టదు. మానసిక వైద్యులు దీన్ని బాగా పరిశీలించే చెబుతున్నారు, సూటిగా అడగడం వల్ల ఆ ఆలోచన రాదు, ఉన్నవాడికి చెప్పుకోవడానికి దారి దొరుకుతుంది. "పిచ్చి పిచ్చి ఆలోచనలేం లేవుగా?" అని మాత్రం అడగకు. అలా అడిగితే లేవనే అంటాడు, నువ్వు లేవనే జవాబే కోరుతున్నావని వాడికి తెలుసు.

ఒకవేళ 'అనిపించింది' అన్నాడనుకో. అరవకు, ఏడవకు, 'నా మీద ఒట్టు వెయ్' అనకు. ఒట్టు వేయించుకుంటే నీకు నిద్రపడుతుందేమో గానీ, వాడికి ఆ ఆలోచన మళ్ళీ వచ్చినప్పుడు నీకు చెప్పే దారి మూసుకుపోతుంది. "చెప్పావు, మంచి పని చేశావు" అను. ఎలా చేసుకోవాలో కూడా అనుకున్నాడా, ఎప్పుడని అనుకున్నాడా అని మెల్లగా అడుగు. ఎలా, ఎప్పుడు అన్నది కూడా అనుకుని ఉంటే ఒంటరిగా వదలకు, ఆ రాత్రి నువ్వో మీ ఆయనో ఆ గదిలోనే పడుకోండి. గడియ సంగతి ఆ ఒక్కచోట వేరు, అలాంటప్పుడు లోపలి గడియ ఉండకూడదు, ఎందుకో వాడికి చెప్పి మరీ తీయండి. ఇంట్లో మాత్రల డబ్బాలు తాళంలో పెట్టు. ఊళ్ళో మీ అత్తగారింట్లో పొలానికి తెచ్చిన పురుగుమందు డబ్బాలు అటక మీద ఉంటాయే, సెలవులకి వాణ్ణి అక్కడికి పంపేముందు అవి ఇంట్లోంచి తీయించు. ఆ ఆలోచన ఉధృతంగా ఉండే సమయం చాలాసార్లు కొద్దిసేపే, ఆ కొద్దిసేపు చేతికి అందకుండా చేస్తే చాలా ప్రాణాలు నిలుస్తాయి.

అర్ధరాత్రయినా సరే 14416కి ఫోన్ చెయ్. టెలి మానస్ అంటారు, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టింది, పగలూ రాత్రీ ఉంటుంది, డబ్బులేం తీసుకోరు, తెలుగులోనే మాట్లాడతారు. పిల్లాడే చేయాలని లేదు, తల్లిగా నువ్వు కూడా చేసి ఏం చేయాలో అడగొచ్చు. నోరు విప్పితే పోలీసు కేసవుతుందని దాచిపెట్టే ఇళ్ళున్నాయి ఇంకా. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం, ప్రాణం తీసుకోబోయినవాడు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలి, శిక్షించకూడదు. అంతమాత్రం దయ చట్టానికే ఉంటే మనకుండొద్దా?

ఆ పిల్లాడు అదృష్టం కొద్దీ లేదన్నాడు. "అంత లేదమ్మా, కానీ లేవబుద్ధి కాదు" అన్నాడు. ఆమె ఇంకొక మంచి పని చేసింది. "నాన్నకి నేను చెప్పనా, నువ్వు చెబుతావా?" అని అడిగింది. నువ్వే చెప్పు, కాలేజీకి మాత్రం రావద్దను అన్నాడు. అంతవరకే చెప్పింది. వాళ్ళ చెల్లెలికి ఫోన్ చేసి 'మావాడు ఇలా అన్నాడే' అని చెప్పలేదు. నువ్వు చెబుతావు, నాకు తెలుసు. బాధ పంచుకోవడానికే చెబుతావు. కానీ గోడ అవతల వాడు వింటాడు, లేదా వచ్చే పెళ్ళిలో మీ చెల్లెలు 'ఏరా, కాలేజీలో ఇబ్బందిగా ఉందట' అంటుంది. ఇక ఆ పిల్లాడు నీకు మళ్ళీ చెప్పడు. వాడు చెప్పింది ఎవరెవరికి చెప్పాలన్నది వాడినే అడుగు. ప్రాణానికి ముప్పున్న సంగతైతే తప్ప. అది దాచనని ముందే చెప్పు.

తండ్రి ఏం చేశాడంటే, మర్నాడు స్క్రూడ్రైవర్ తెచ్చి గడియ తనే మళ్ళీ బిగించాడు. "తీయించడం నాదే తప్పురా, తలుపేసుకో, నేను కొట్టాకే వస్తాను" అన్నాడు. వాడు 'సరే' అన్నాడంతే. కౌగిలింతలేం లేవు. సంక్రాంతి సెలవుల తర్వాత వాడు సరేనన్నాకే లెక్చరరుని కలిశారు. సెక్షన్ మార్చలేదు కాలేజీవాళ్ళు. కానీ ఆదివారాలు పాత స్నేహితులిద్దరినీ ఇంటికి పిలవడం మొదలైంది, ర్యాంకు మెసేజ్ వచ్చినా తండ్రి భోజనాల దగ్గర ఎత్తడం లేదు. మార్కులు పెద్దగా పెరగలేదు. రెండో సంవత్సరానికి ఇంటి దగ్గరి చిన్న కాలేజీకి మారతానన్నాడు, మార్చారు. తలుపు ఇప్పటికీ వేసుకునే ఉంటాడు, లోపల్నుంచి నవ్వు వినబడుతుంటుంది.

నీ విషయానికొస్తే, అన్నీ ఇలాగే జరుగుతాయని నేను చెప్పను. నువ్వు దోశలు వేసినా, స్కూటరు మీద తిప్పినా మాట రాకపోవచ్చు. పైన చెప్పిన గుర్తులు రెండు వారాలకి మించి ఉండి, తిండీ నిద్రా దెబ్బతింటుంటే, వాడు మాట్లాడేదాకా కాచుక్కూర్చోకు. మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్ళాలి. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉన్నాయి, ఆ పేర్లు వింటేనే జంకుతావు, నాకు తెలుసు. బోధనాసుపత్రుల్లో కూడా ఈ విభాగం ఉంటుంది, అక్కడికెళ్ళు. వెళ్ళగానే మాత్రలే ఇస్తారని భయపడకు, ముందు మాట్లాడతారు, చాలామందికి కౌన్సెలింగ్‌తోనే మొదలవుతుంది. మాత్రలు రాసినా పని చేయడానికి కొన్ని వారాలు పడుతుంది, బాగున్నాడు కదా అని మధ్యలో నువ్వే ఆపేయకు.

రానంటాడు, చూడు. 'నాకేమైనా పిచ్చా?' అంటాడు. ఈడ్చుకెళ్ళకు, గుళ్ళోకని చెప్పి ఆసుపత్రికి అసలే తీసుకెళ్ళకు. ప్రాణభయం లేదనుకుంటే ముందు నువ్వొక్కదానివే వెళ్ళు. గమనించిన గుర్తులు తేదీలతో ఒక కాగితం మీద రాసుకుని వెళితే డాక్టరుకి సులువు. వచ్చాక వాడికి దాచకుండా చెప్పు. "నిద్ర పట్టట్లేదు, నీ గురించి దిగులుగా ఉంది, అందుకని డాక్టరుతో మాట్లాడొచ్చాను. వచ్చే మంగళవారం మళ్ళీ వెళుతున్నా. నువ్వొస్తే స్కూటరు మీద ఇద్దరం వెళదాం, రాకపోతే నేనే వెళ్ళొస్తా" అను. ఆ తర్వాత ఆ మంగళవారం దాకా ఆ ఊసెత్తకు. మీ ఆయనకి కూడా చెప్పు, ఎత్తొద్దని.